న్యూట్రాన్ మీద నేరం మోపే ముందు

2025 నవంబరు 28న ఎయిర్‌బస్ సంస్థ ఒక ప్రకటన చేసింది. తీవ్రమైన సౌర వికిరణం వల్ల ఏ320 కుటుంబపు విమానాలలో నియంత్రణ వ్యవస్థకు కీలకమైన డేటా చెడిపోయే అవకాశం ఉందనీ, సుమారు ఆరు వేల విమానాలను సరిచేయవలసి ఉందనీ దాని సారాంశం. అంతకు ముందు అక్టోబరు 30న మెక్సికోలోని కాన్‌కూన్ నుంచి అమెరికాలోని నూవర్క్‌కు వెళ్తున్న జెట్‌బ్లూ విమానం ఒకటి పైలట్ల ప్రమేయం లేకుండానే ఉన్నట్టుండి కిందికి వంగి, కొందరు ప్రయాణికులు గాయపడగా, టాంపాలో దిగింది. ప్రకటన వెలువడిన వారాంతంలో మన దేశంలోనూ మూడు వందలకు పైగా విమానాలకు మరమ్మతు పని పడింది. పత్రికలన్నీ దాన్ని సూర్యుడి ఖాతాలో వేశాయి.

ఆ వార్తల్లో నాకు రెండు అభ్యంతరాలు కనిపించాయి. మొదటిది, అక్టోబరు 30న చెప్పుకోదగ్గ సౌర తుఫానేదీ లేదు. ఆ రోజు ఒక కణమే కారణమై ఉంటే, అది సూర్యుడికంటే ఎంతో దూరాన ఉన్న నక్షత్ర విస్ఫోటనాల నుంచి నిరంతరం వచ్చే విశ్వకిరణాల సంతానమే అయి ఉండాలి. రెండవది ఇంకా ముఖ్యమైనది. ఎక్కువ విమానాల విషయంలో చేసిన మరమ్మతు ఏమిటంటే, విమానపు ముక్కును పైకీ కిందికీ వంచే ఎలివేటర్లను, రెక్కలను పక్కకు వాల్చే ఎయిలెరాన్లను నడిపే ఎలాక్ అనే కంప్యూటర్‌లో కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, దాని ముందటి కూర్పును తిరిగి ఎక్కించడం. కణాలు పాత కూర్పు నడిచిన రోజుల్లోనూ పడ్డాయి, రేపూ పడతాయి. మారింది కణం కాదు, దాని దెబ్బను కాచుకునే ఏర్పాటు. అలాంటప్పుడు కారణం ఆకాశంలో ఉందని చెప్పడం సగం నిజమే అవుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డులతో పని చేసే మా వంటి వాళ్ళలో ఒక దురలవాటు ఉంది: ఎంత ప్రయత్నించినా మళ్ళీ కనిపించని లోపం ఎదురైతే, సగం హాస్యంగా, సగం నిజంగానే, ‘ఏ కాస్మిక్ రేనో తగిలి ఉంటుంది’ అని ఫైలు మూసేస్తాం. ఆ మాట అనే హక్కు ఎప్పుడు వస్తుందన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

ముందు న్యూట్రాన్ కథ చూద్దాం. విశ్వకిరణాల న్యూట్రాన్లు అంటాం గానీ, అవి విశ్వం నుంచి రావు. ఒంటరి న్యూట్రాన్ సగటు ఆయువు సుమారు పావుగంట మాత్రమే కనుక నక్షత్రాల మధ్య దూరాలను అది దాటలేదు. అంతరిక్షం నుంచి వచ్చేవి ముఖ్యంగా అధిక శక్తి గల ప్రోటాన్లు, కొద్దిపాటి భారమైన కేంద్రకాలు. అవి వాతావరణపు పై పొరలలో నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొని పగలగొట్టినప్పుడు న్యూట్రాన్లు పుడతాయి. వాటికి విద్యుదావేశం లేదు కాబట్టి దారిలోని ఎలక్ట్రాన్లు వాటిని ఆపలేవు. ఏదైనా కేంద్రకాన్ని నేరుగా తాకేదాకా వాటి ప్రయాణం సాగుతూనే ఉంటుంది. విమానపు అల్యూమినియం తొడుగు వాటికి అడ్డే కాదు. వాటిని చెప్పుకోదగ్గంతగా తగ్గించాలంటే మందపాటి కాంక్రీటు గోడ కావాలి, దాన్ని ఎవరూ విమానంలో మోసుకుపోలేరు.

ఆవేశం లేకపోవడం వల్లనే న్యూట్రాన్ స్వయంగా చిప్‌లోని బిట్‌ను తిప్పలేదు. అది సిలికాన్ కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడు ఆ కేంద్రకం చెదిరి, మెగ్నీషియం, అల్యూమినియం వంటి శకలాలు, ఆల్ఫా కణాలు, ప్రోటాన్లు బయటికి ఎగురుతాయి. ఇవి ఆవేశం ఉన్నవి; ముఖ్యంగా భారమైన శకలాలు సిలికాన్‌లో కొన్ని మైక్రాన్ల దూరంలోనే తమ శక్తినంతా దించేస్తాయి. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్-హోల్ జంట పుట్టడానికి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు; పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దిగితే 2.8 లక్షల జంటలు పుడతాయి. నేటి మెమరీ గడిలో సున్నాకూ ఒకటికీ మధ్య తేడాను నిలబెట్టేది కొన్ని వేల ఎలక్ట్రాన్లే. ఆ ఆవేశం సరైన చోట చేరితే గడి తన విలువను మార్చుకుంటుంది. చిప్‌కు ఏ హానీ జరగదు. అదే గడిలో మళ్ళీ రాస్తే మామూలుగానే పని చేస్తుంది. ఇదే సింగిల్ ఈవెంట్ అప్‌సెట్. వస్తువు చెడకుండా దానిలోని సమాచారం మాత్రం చెడడం ఇందులోని ప్రత్యేకత, తరవాత దర్యాప్తు చేసేవాళ్ళకు తలనొప్పి కూడా అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఎత్తు సంగతి. సముద్రమట్టం దగ్గర, న్యూయార్క్ అక్షాంశంలో, చదరపు సెంటీమీటరుకు గంటకు సుమారు 13 అధిక శక్తి న్యూట్రాన్లు పడతాయని పరిశ్రమ ప్రమాణాలు తీసుకుంటాయి. 40,000 అడుగుల ఎత్తులో, 45 డిగ్రీల అక్షాంశం దగ్గర, విమాన ఎలక్ట్రానిక్స్ ప్రమాణం వాడే సంఖ్య 6,000. అంటే సుమారు 460 రెట్లు. ఆ ఎత్తులో మన తల మీద మిగిలేది వాతావరణంలో ఐదో వంతు మాత్రమే. మనల్ని నేల మీద కాపాడే మిగతా నాలుగు వంతులు కాళ్ళ కిందికి వెళ్ళిపోతాయి. ఇంకా పైకి పోతే ఈ సంఖ్య పెరుగుతూ పోయి, సుమారు 60,000 అడుగుల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ పైన తగ్గుతుంది. న్యూట్రాన్లు పుట్టడానికి గాలి కావాలి కదా!

ఈ సంఖ్యల వల్ల ఏం తేలుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక మెమరీ గడి న్యూట్రాన్‌కు చూపించే లక్ష్య వైశాల్యాన్ని 10⁻¹⁴ చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఇది చిప్‌ను బట్టి మారుతుంది గానీ, అంచనాకు పనికొచ్చే విలువే. ఒక మెగాబైట్ అంటే సుమారు 84 లక్షల బిట్లు.

```
8.4×10⁶ × 10⁻¹⁴ × 6000 ≈ 5×10⁻⁴ (గంటకు)
```

అంటే దాదాపు రెండు వేల గంటలకు ఒక బిట్ తిరగబడుతుంది. అదే మెమరీని నేల మీద ఉంచితే ఆ ఒక్క బిట్ కోసం సుమారు వందేళ్ళు ఎదురుచూడాలి. మన ఇంటి కంప్యూటర్ విషయంలో ఈ సంగతిని మరచిపోవచ్చు. అయితే ఆరు వేల విమానాలు రోజుకు పది గంటల చొప్పున ఎగిరితే అది రోజుకు అరవై వేల గంటలు; రక్షణ లేని ఒక్కొక్క మెగాబైట్ ఉన్నా, ఆ సమూహంలో ఎక్కడో ఒక చోట రోజుకు ముప్పై బిట్లు తిరగబడుతూ ఉంటాయి. వాటిలో అధికభాగం వాడుకలో లేని గడిలోనో, మరుక్షణమే కొత్త విలువతో నిండిపోయే గడిలోనో పడి ఎవరికీ తెలియకుండా పోతాయి. అయినా ఇది అరుదైన సంఘటన కాదు. రెక్కల మీద పడే గాలి భారంలాగే, డిజైన్ మొదలుపెట్టే రోజునే లెక్కలోకి తీసుకోవలసిన భారం.

అక్షాంశం మాట కూడా ఇక్కడే చెప్పాలి. భూమి అయస్కాంత క్షేత్రం విశ్వకిరణాలను పక్కకు తిప్పుతుంది. భూమధ్యరేఖ వైపు ఆ శక్తి ఎక్కువ, ధ్రువాల దగ్గర నామమాత్రం. దక్షిణ భారతం ఉన్న ప్రాంతంలో ఆ తెర ప్రపంచంలోనే అత్యంత బలంగా ఉండే చోట్లలో ఒకటి: ఇక్కడ నిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధనా సంస్థ నడిపే బెలూన్ కేంద్రం నుంచి ఖగోళ పరిశోధనకు పరికరాలను పైకి పంపడంలో ఉన్న సౌకర్యాలలో ఇదొకటి. విశ్వకిరణాల రొద ఇక్కడ తక్కువ. కాబట్టి హైదరాబాదు నుంచి చెన్నైకి ఎగిరే విమానంతో పోలిస్తే, మనవాళ్ళు అమెరికా వెళ్ళేటప్పుడు ఉత్తర ధ్రువానికి దగ్గరగా సాగే విమానంలోని చిప్‌లు గంటకు అనేక రెట్లు ఎక్కువ న్యూట్రాన్లను చూస్తాయి, పైగా ఎన్నో గంటల సేపు.

లెక్క ఇలా ఉన్నప్పుడు, ఏదైనా విమాన కంప్యూటర్ తప్పుగా ప్రవర్తిస్తే అది న్యూట్రాన్ పనేనని నమ్మడం సులభం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి 2008 నాటి క్వాంటాస్ 72 ఉదంతం కంటే మంచి పాఠం నాకు తెలియదు. ఆ ఏడాది అక్టోబరు 7న సింగపూర్ నుంచి పెర్త్‌కు వెళ్తున్న ఏ330 విమానం 37,000 అడుగుల ఎత్తులో, పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి చేరువలో ఉంది. మధ్యాహ్నం 12:42కు అది ఒక్కసారిగా ముక్కు కిందికి వంచింది. మూడు నిమిషాల తరవాత మళ్ళీ వంచింది. మొదటిసారి ఆరు వందల అడుగులకు పైగా కిందికి దిగింది. సీటు బెల్టు పెట్టుకోనివాళ్ళు పైకప్పుకు కొట్టుకున్నారు. 303 మంది ప్రయాణికులలో 110 మందికి, 12 మంది సిబ్బందిలో 9 మందికి గాయాలయ్యాయి. పైలట్లు లియర్‌మంత్ విమానాశ్రయంలో దించారు.

విమానానికి గాలి సమాచారాన్ని, దిశ, వంపు వంటి వివరాలను ఇచ్చే పెట్టెను ఏడీఐఆర్‌యూ అంటారు. అలాంటివి మూడు ఉంటాయి. వాటిలో మొదటిది తప్పుడు సమాచారం పంపడం మొదలుపెట్టింది. ముఖ్యంగా యాంగిల్ ఆఫ్ అటాక్, అంటే ఎదురుగాలికి రెక్క ఎంత కోణంలో ఉందన్న విలువ, మామూలుగా రెండు మూడు డిగ్రీలు ఉండవలసింది, క్షణకాలం పాటు యాభై డిగ్రీలకు ఎగిరి మళ్ళీ సర్దుకుంటూ వచ్చింది. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దర్యాప్తులో ఆ యాభై ఎక్కడిదో బయటపడింది. ఈ పెట్టెలు పంపే ప్రతి పదంలో 32 బిట్లు ఉంటాయి; అందులో ఎనిమిది, ఆ పదం ఏ కొలతకు చెందినదో చెప్పే లేబుల్. ఎత్తు కొలతకు ఆ అమరికలో పూర్తి పరిధి 131,072 అడుగులు; కోణానికి 180 డిగ్రీలు. విమానం ఎత్తును తీసుకుని కోణపు కొలమానంలో చదివితే:

```
37000 ÷ 131072 × 180 ≈ 50.8
```

రికార్డయిన విలువ 50.6 డిగ్రీలు. కోణానికి తక్కువ బిట్లు వాడతారు కనుక, కింది బిట్లు రాలిపోవడం వల్ల వచ్చిందే ఆ చిన్న తేడా. అంటే సెన్సర్ చెడలేదు, సంఖ్య కూడా చెడలేదు. ఎత్తు విలువ మీద కోణం చీటీ అతుక్కుని బయటికి వెళ్ళింది. అంతేకాదు, ఆ పదం సరైనదేనన్న గుర్తుతోనే వెళ్ళింది.

ఇక ఆ తప్పుడు పదాన్ని ఆపవలసిన కంప్యూటర్ సంగతి. మూడు పెట్టెల కోణాలనూ అది పోల్చి చూస్తుంది. ఒకటి మిగతావాటికి దూరంగా ఒక సెకనుకు మించి ఉంటే, ఆ పెట్టెను పక్కన పెడుతుంది. అంతకంటే తక్కువ కాలం ఉండే ఎగుడుదిగుడు వస్తే, పాత సరైన విలువను 1.2 సెకన్ల పాటు పట్టుకుని ఉండి, ఆ గడువు తీరగానే వచ్చిన కొత్త విలువను తీసుకుంటుంది. ఆ గడువు తీరే క్షణానికి సరిగ్గా రెండో తప్పుడు విలువ వచ్చి ఉంటే? మొదటిది సెకనులోపే పోయింది కనుక పెట్టె మీద వేటు పడలేదు; రెండోది కాపలా లేని క్షణంలో వచ్చింది కనుక లోపలికి వెళ్ళిపోయింది. రెక్క యాభై డిగ్రీల కోణంలో ఉందని నమ్మిన కంప్యూటర్, రెక్క గాలి పట్టు కోల్పోయే స్టాల్‌ను తప్పించడానికి ఎలివేటర్‌ను పది డిగ్రీలు కిందికి వంచే ఆదేశం ఇచ్చింది. ముళ్ళలా పొడుచుకు వచ్చే ఇలాంటి తప్పుడు విలువలు 1.2 సెకన్ల ఎడంతో రెండు వస్తాయని డిజైనర్లు ఊహించలేదు. పరీక్షల్లో ఒక్కొక్కటిగా వచ్చే ముళ్ళను ఆ కంప్యూటర్ చక్కగా తట్టుకునేది.

మరి ఆ పెట్టెలో చీటీలు ఎందుకు మారాయి? తరవాత బల్ల మీద పరీక్షించినప్పుడు పెట్టె సలక్షణంగా ఉంది. విద్యుత్తు ఆపి పెట్టగానే మాయమయ్యే లోపం, ఏ గుర్తూ మిగలని లోపం: ఇవి న్యూట్రాన్ దెబ్బకు సరిపోయే లక్షణాలే. దర్యాప్తు సంస్థ దాన్ని పరిశీలించింది, కానీ తేల్చడానికి చాలినంత ఆధారం లేదని 2011 డిసెంబరు నాటి తుది నివేదికలో స్పష్టంగా చెప్పింది. ఇలాంటి సంయమనం నాకు చాలా గౌరవం కలిగించే విషయం. ఎందుకంటే న్యూట్రాన్‌కు వ్యతిరేకంగా కూడా బలమైన సాక్ష్యం ఉంది. ఆ రకం పెట్టెలు మొత్తం 12.8 కోట్ల గంటలకు పైగా పని చేసిన కాలంలో ఈ లోపం మూడుసార్లే కనిపించింది. ఆ మూడింటిలో రెండు, 2006లో ఒకటి, 2008లో ఒకటి, ఒకే పెట్టెలో వచ్చాయి. పైగా మూడూ పశ్చిమ ఆస్ట్రేలియా తీర ప్రాంతంలోనే జరిగాయి. న్యూట్రాన్లకు సీరియల్ నంబరు తెలియదు. వేల పెట్టెలలో ఒకదాన్నే రెండుసార్లు వెతుక్కుని కొట్టడం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం బహు స్వల్పం. ఆ పెట్టెలో ఏదో ఒక భాగానికి స్వతహాగా ఉన్న బలహీనత మీద ఒక అరుదైన ప్రేరణ పడి ఉంటుందన్నదే సంస్థ చేరిన అభిప్రాయం. ఆ ప్రేరణ కణమే కావచ్చు, కాకపోవచ్చు. ఈ రకపు దెబ్బలకు విమాన పరికరాలు తట్టుకోవాలన్న నిర్దిష్ట ధ్రువీకరణ నియమం లేదన్న విషయాన్ని కూడా అదే నివేదిక భద్రతా లోపంగా ఎత్తి చూపింది. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికంటే పదునైన వాక్యం అదే. సరిదిద్దింది కూడా ఆకాశాన్ని కాదు, 1.2 సెకన్ల లొసుగును.

ఉపగ్రహాల విషయానికి వస్తే, వాటికి ప్రమాదం ఎక్కువ అన్నది నిజమే గానీ, కారణం న్యూట్రాన్లు కావు. న్యూట్రాన్లు పుట్టే గాలి అక్కడ లేదు. అక్కడ చిప్‌ను తాకేది మూల కణమే. ప్రోటాన్లు చాలామటుకు న్యూట్రాన్‌లాగే సిలికాన్ కేంద్రకాన్ని పగలగొట్టి బిట్‌ను తిప్పుతాయి. భారమైన కేంద్రకాలకు ఆ మధ్యవర్తి అక్కరలేదు. అవి పోయే దారంతా ఆవేశాన్ని తామే పరచుకుంటూ పోతాయి. ఆ పరిమాణం కణపు ఆవేశం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదే వేగంతో పోయే ప్రోటాన్‌తో పోలిస్తే ఇనుము కేంద్రకం 676 రెట్లు ఎక్కువ జంటలను పుట్టిస్తుంది. అలాంటి దెబ్బకు కొన్ని చిప్‌లలో బిట్ తిరగడంతో ఆగక, లోపల విద్యుత్తు అదుపు తప్పి ప్రవహించే లాచప్ ఏర్పడవచ్చు. వెంటనే సరఫరా ఆపకపోతే చిప్ కాలిపోతుంది. భారకణాలు వాతావరణం లోతుకు చేరేలోపే పగిలిపోతాయి కనుక విమానాలకు వాటి నేరు దెబ్బ దాదాపు లేదు. దీనికి తోడు, బ్రెజిల్ తీరానికి దగ్గరగా దక్షిణ అట్లాంటిక్ మీద భూమి చుట్టూ ఉన్న ప్రోటాన్ల పట్టీ బాగా కిందికి దిగి ఉంటుంది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకు చాలా దెబ్బలు అక్కడే తగులుతాయి. హబుల్ టెలిస్కోప్ ఆ ప్రాంతాన్ని దాటేటప్పుడు పరిశీలనలే ఆపుతుంది.

అంతరిక్షంలోనూ కణం మీద నేరం మోపే అలవాటు ఉంది. 2011 నవంబరులో రష్యా ప్రయోగించిన ఫోబోస్-గ్రుంట్ నౌక అంగారకుడి దారి పట్టకుండా భూకక్ష్యలోనే ఉండిపోయి, 2012 జనవరి 15న పసిఫిక్‌లో కూలింది. కంప్యూటర్‌లోని రెండు భాగాలూ ఒకేసారి రీబూట్ కావడానికి భారమైన ఆవేశ కణాలు కారణమని దర్యాప్తు పేర్కొంది. జంటగా పెట్టిన రెండు భాగాలను, కక్ష్యలో తొలి రెండు చుట్లలోనే, భూమి అయస్కాంత క్షేత్రం ఇంకా కాపాడుతున్న ఎత్తులో, ఒకేసారి కొట్టేంత చాకచక్యం కణాలకు ఉంటుందా? అంతరిక్షానికి తగినవి కాని మెమరీ చిప్‌లు వాడారన్న మాట కూడా ఆ దర్యాప్తులోనే వచ్చింది. అది నిజమైతే, తీర్పు కొనుగోలు విభాగం మీద పడాలి.

అయితే ఉపగ్రహాల ప్రపంచం ఒక మంచి పని మొదటినుంచీ చేస్తోంది, దాన్నే విమానాల వాళ్ళు నేర్చుకోవాలంటాను. ముఖ్యమైన మెమరీలో ప్రతి 64 బిట్లకు ఇంకో ఎనిమిది తనిఖీ బిట్లు కలుపుతారు. ఒక బిట్ తిరగబడితే హార్డ్‌వేరే గుర్తించి సరిచేస్తుంది. రెండు తిరగబడితే సరిచేయలేదు గానీ తప్పు ఉందని చెబుతుంది. ఎవరూ చదవని గడిలో తప్పు అలాగే ఉండిపోయి, దాని పక్కన రెండోది చేరకుండా, మెమరీ అంతటినీ వరుసగా చదివి, సరిచేసి, తిరిగి రాసే పని నేపథ్యంలో నడుస్తూనే ఉంటుంది. సరిచేసిన ప్రతిసారీ సమయాన్ని, గడి చిరునామాను రాసుకుంటారు. 1984లో సర్రే విశ్వవిద్యాలయం వాళ్ళ యూఓశాట్-2 ఎగిరింది. దాని మెమరీలో తిరగబడిన బిట్లను ప్రపంచ పటం మీద చుక్కలుగా పెడితే, దక్షిణ అట్లాంటిక్ మీద చుక్కలు గుంపుగా కనిపించాయి. అది కణాల పనే అని ఆ పటం చూసి ఎవరైనా ఒప్పుకుంటారు.

విమానాలలో అంత ఖర్చు కూడా అక్కరలేదు. తప్పు దిద్దే మెమరీ ఇప్పుడు మామూలు వస్తువు. ఎగిరే ఎత్తు, అక్షాంశం, సమయం ఆ కంప్యూటర్లకు ఎలాగూ తెలుసు. దిద్దుబాటు జరిగినప్పుడు ఈ మూడింటినీ గడి చిరునామాతో కలిపి ఒక వరుసలో రాసుకుంటే సరిపోతుంది. ఏడాది పొడుగునా వేల విమానాల నుంచి వచ్చే ఆ వరుసలు ఎత్తుతో పెరుగుతూ, భూమధ్యరేఖ వైపు తగ్గుతూ, పెట్టెలన్నిటి మధ్యా సమానంగా పరచుకుని ఉంటే అవి న్యూట్రాన్ల గుర్తులు. ఒకే పెట్టెలో, ఒకే చిరునామాలో, నేల మీద కూడా పడుతూ ఉంటే అది చెడిపోతున్న చిప్. ఏ దిద్దుబాటూ లేకుండానే తప్పుడు పదం బయటికి వెళ్ళి ఉంటే, ముందుగా తనిఖీ బిట్లు కాపలా కాయని రిజిస్టర్లను, ఆ తరవాత సాఫ్ట్‌వేర్‌ను వెతకాలి. ఈ పట్టిక చేతిలో లేకుండా వికిరణం అన్న మాటను తుది కారణంగా రాసిన నివేదికను నియంత్రణ సంస్థలు అసంపూర్ణమని వెనక్కి పంపాలి.